గడప ఎత్తు ఎన్ని అంగుళాలు? వీల్‌చెయిర్‌తో హంపి ప్రయాణం

వీల్‌చెయిర్‌తో చేసే ప్రయాణం సాధారణంగా దూరం వల్ల ఆగదు. రెండు అంగుళాల గడప దగ్గరో, సన్నటి బాత్రూమ్ తలుపు దగ్గరో, కుర్చీ మడిచి పెట్టడానికి చోటు లేని కారు డిక్కీ దగ్గరో ఆగుతుంది. అందుకే ఈ ప్రయాణానికి ఏర్పాట్లు టికెట్లతో కాక టేపుతో మొదలవుతాయి. ఉదాహరణకు హైదరాబాద్ నుంచి సుమారు 380 కిలోమీటర్ల దూరంలో ఉన్న హంపికి ఒక కుటుంబం రెండు రోజులకు వెళ్తోందనుకుందాం. అందులో ఒక పెద్దాయన లేచి నిలబడలేరు. చేతులకు బలం ఉంది కాబట్టి పక్కన ఒకరు సాయం పడితే కుర్చీలోంచి మంచం మీదికి జరగగలరు. ఆయనది మడిచే మామూలు వీల్‌చెయిర్.

ముందుగా రాసుకోవలసిన కొలతలు

కుర్చీకి నాలుగు కొలతలు కావాలి: వెడల్పు, పొడవు, సీటు ఎత్తు, మడిచినప్పటి మందం. వెడల్పును సీటు దగ్గర కాకుండా, చేత్తో తిప్పే రింగుల బయటి అంచు నుంచి అంచు వరకు కొలవాలి. పెద్దాయన కుర్చీ సీటు 18 అంగుళాలు, కానీ మొత్తం వెడల్పు 26 అంగుళాలు. పాదాలు పెట్టుకునే పలకలతో కలిపి పొడవు 42, మెత్తతో సీటు ఎత్తు 20. ఇక అడగబోయే ప్రశ్నలన్నీ ఈ అంకెల చుట్టూ తిరుగుతాయి.

హోటల్ మాటను సరిచూడటం

బుకింగ్ సైట్లలో వీల్‌చెయిర్ సౌకర్యం ఉందన్న టిక్కు గుర్తుకు అర్థం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని హోటళ్లకు అది లిఫ్ట్ ఉందని, మరికొన్నింటికి లాబీలో ఒక కుర్చీ ఉందని. గదిలో బాత్రూమ్ వాడుకోగలరా అన్నది ఆ గుర్తు చెప్పదు. ఫోన్‌లో "సౌకర్యం ఉందా?" అని అడిగితే "ఉందండీ" అనే జవాబే వస్తుంది. అడగవలసింది ఎంత అని: వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు, బాత్రూమ్ తలుపు తెరిస్తే ఎంత సందు, మంచం ఎత్తు ఎంత. సిబ్బందిలో ఒకరు టేపు పెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపితే సందేహానికి తావుండదు.

తలుపు కొలతలో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. హోటల్ వాళ్లు 30 అంగుళాల తలుపు అంటే అది తరచుగా ద్వారబంధం బయటి కొలతే. రెండు పక్కలా చెక్క రెండేసి అంగుళాలు తింటే మిగిలేది 26. తెరిచిన తలుపు దారిలోనే నిలుస్తుంది కాబట్టి దాని మందం మరో అంగుళంన్నర పోతుంది. చివరికి దొరికేది ఇరవై నాలుగున్నర. 26 అంగుళాల కుర్చీ అందులో పట్టదు. పట్టినా చక్రం తిప్పే వేళ్లకు చోటుండాలి కాబట్టి 29 అంగుళాలైనా ఉంటేనే సుఖం. మన దేశంలోని ప్రమాణాలు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాల సందు ఉండాలంటాయి. సందు ఒకటి రెండు అంగుళాలే తక్కువైతే తలుపును కీళ్ల నుంచి తీయించి కర్టెన్ కట్టించమని అడగవచ్చు. ఇంకా తక్కువైతే సన్నటి చక్రాల కమోడ్ కుర్చీని వెంట తీసుకెళ్లడమో, వేరే హోటల్ వెతుక్కోవడమో మిగులుతుంది.

తలుపు దాటినా లోపల రెండు ఆటంకాలు ఎదురుకావచ్చు. బాత్రూమ్ నేల గది కంటే పల్లంగా ఉంటే ఆ మెట్టు, స్నానం దగ్గర నీళ్లు బయటికి రాకుండా కట్టిన గట్టు. కమోడ్ పక్కన కుర్చీ నిలపడానికి ఖాళీ ఉందా, గోడకు పట్టుకునే కడ్డీ ఉందా అన్నవి కూడా ఫోటోలో కనిపించాలి. తువ్వాళ్లు వేసుకునే స్టాండు ఆ కడ్డీ కాదు. మనిషి బరువు పడితే అది ఊడొస్తుంది.

ర్యాంపు ఉందని చెప్పినప్పుడు పక్క నుంచి తీసిన ఫోటో అడగాలి, ఎదురుగా తీస్తే వాలు తెలియదు. ప్రమాణం ప్రకారం ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు కావాలి. హోటల్ ముందు ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులు ఉండాలి. చాలాచోట్ల అదే ఎత్తుకు ఆరడుగుల పలక వేసి ర్యాంపు అంటారు. అది సామాన్ల బండి కోసం వేసింది. మనిషి కూర్చున్న కుర్చీని దాని మీద ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దింపేటప్పుడు వెనక్కి తిప్పి దింపాలి.

ఒక సీటు నుంచి మరో సీటుకు

కుర్చీలోంచి మంచానికీ కమోడ్‌కూ కారుకూ మారడంలో సూత్రం ఒకటే: రెండు సీట్లూ ఒకే ఎత్తులో ఉంటే జరగవచ్చు, తేడా పెరిగితే ఎత్తాల్సి వస్తుంది. పెద్దాయన సీటు 20 అంగుళాలైతే మంచం 19 నుంచి 21 మధ్య ఉండటం మంచిది. మందమైన పరుపు వేసిన హోటల్ మంచం 26 అంగుళాల దాకా వెళ్తుంది. దిగేటప్పుడు జారి రావచ్చు, ఎక్కేటప్పుడు మాత్రం ఆరు అంగుళాలు పైకి లేవాలి. పరుపు పలచనిది వేయించుకోవచ్చా అని ముందే అడిగితే హోటళ్లు చాలావరకు ఒప్పుకుంటాయి. సాయానికి హాయిస్టు వాడేవాళ్లు మరొకటి చూడాలి: దాని కాళ్లు మంచం కిందికి దూరాలి కాబట్టి నేల దాకా మూసేసిన పెట్టె మంచం వాళ్లకు పనికిరాదు.

కారు విషయంలో పెద్ద బండి అయితే హాయి అనుకోవడం సహజం. కానీ ఎత్తైన ఎస్‌యూవీ సీటు వీల్‌చెయిర్ సీటు కంటే బాగా పైన ఉంటుంది, సెడాన్ సీటు దానికి దగ్గరగా ఉంటుంది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపితే కాళ్లు తిప్పుకోవడానికి చోటు దొరుకుతుంది, అందుకే వెనక సీటు కంటే అదే మేలు. సెడాన్ మాట్లాడుకునేటప్పుడు తప్పక అడగవలసింది డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా అని. ఉంటే మడిచిన కుర్చీ అందులో పట్టదు, తీరా బయల్దేరే ఉదయం ఇంటి ముందు ఆ సంగతి బయటపడుతుంది.

రైలులో వెళ్లాలంటే వికలాంగుల కోటా ఉంది, రిజర్వేషన్ చార్టుల్లో దాని గుర్తు HP. రాయితీ టికెట్‌కు రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డు ముందే తీసుకోవాలి. అయితే మామూలు రిజర్వేషన్ బోగీలో వీల్‌చెయిర్ నడవలోకి రాదు. మెట్లెక్కించి బెర్తు దాకా మనిషిని మోయాలి, హోసపేట లాంటి మధ్య స్టేషన్‌లో రైలు ఆగే కొద్దిసేపట్లోనే దింపాలి. విమానానికైతే కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పి సరైన కోడ్ నమోదు చేయించాలి. మెట్లెక్కగలవాళ్లకు WCHR, మెట్లెక్కలేకపోయినా లోపల నాలుగడుగులు వేయగలవాళ్లకు WCHS, అసలు నడవలేనివాళ్లకు WCHC. పెద్దాయనకు WCHR అని రాస్తే ఆయన్ను మెట్ల కింద దాకా తెచ్చి ఎక్కమంటారు. WCHC అని ఉంటేనే సీటు దాకా తీసుకెళ్లే సన్నటి కుర్చీ, వంతెన లేని చోట పైకి లేపే వాహనం సిద్ధం చేస్తారు. ఈ లెక్కలన్నీ చూసుకున్నాక ఈ కుటుంబం కారునే ఎంచుకుంటుంది. ఎనిమిది గంటల ప్రయాణంలో ఒత్తిడి పుండ్లు రాకుండా సీటు మీద తన మెత్త వేసుకుని, మధ్యమధ్య చేతులతో శరీరాన్ని పైకి లేపుకోవడం పెద్దాయన పని.

హంపిలో ఏది అందుతుంది

యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన హంపి ఒక్క కట్టడం కాదు, కిలోమీటర్ల మేర రాళ్ల మధ్య పరుచుకున్న నగరం. అందుకే హంపి అంతటికీ కలిపి వీల్‌చెయిర్ వెళ్తుందా లేదా అని అడిగితే జవాబు ఉండదు, ఒక్కో చోటును విడిగా చూడాలి. రక్షిత కట్టడాల్లో రాతిని తొలిచి శాశ్వతంగా ర్యాంపు కట్టడానికి వీలు తక్కువ. వేసినా చెక్కతోనో ఇనుముతోనో తీసేయగలిగేలా వేస్తారు. నిరుడు ఫోటోలో కనిపించింది ఈ ఏడు ఉండకపోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో సందర్శకులు పెట్టిన కొత్త ఫోటోల్లో గోపురాన్ని వదిలి నేలను చూడాలి: రాతి పలకల మధ్య సందులెంత, గడప ఎత్తెంత, ఇసుక ఉందా. కుర్చీ ముందుండే చిన్న చక్రాలు ఇరుక్కునేది ఆ సందుల్లోనే. అలాంటి చోట కుర్చీని కాస్త వెనక్కి వంచి, ముందు చక్రాలు గాల్లో ఉంచి నెట్టాలి.

కృష్ణదేవరాయల కాలంలో 1528లో చెక్కిన ఉగ్రనరసింహ విగ్రహం రోడ్డు దగ్గరే ఉంది. ఎత్తు 6.7 మీటర్లు, కింద నుంచి చూస్తేనే నిండుగా కనిపిస్తుంది. లోటస్ మహల్, ఏనుగుల శాలలు ఉన్న అంతఃపుర ప్రాంగణంలో విశాలమైన పచ్చిక బయళ్లు ఉన్నాయి, రెండు కట్టడాల అందమూ బయటి నుంచే తెలుస్తుంది. ఈ మూడింటినీ మొదటి రోజుకు పెట్టుకోవచ్చు. మహర్నవమి దిబ్బ పైకి మెట్లే దారి, దాని చుట్టూ చెక్కిన శిల్పాలను మాత్రం కింద నుంచి చూడవచ్చు. హేమకూటం వాలు బండ, దాన్ని వదిలేయడమే మంచిది.

రెండో రోజు ఉదయమే విఠల ఆలయం. వాహనాలు ఆపే చోటు నుంచి గుడి దాకా సుమారు కిలోమీటరు, బ్యాటరీ బండ్లు నడుస్తాయి. ఆ బండి ఎక్కాలంటే పెద్దాయన్ను ఎత్తి కూర్చోబెట్టాలి, కుర్చీ మడిచి వెంట పెట్టుకోవాలి. రద్దీ లేని వేళ అయితే డ్రైవర్ ఆగి సాయం చేయగలడు. గోపుర ద్వారం దగ్గర రాతి గడప దాటించడానికి ఇద్దరు కావాలి. లోపలి ప్రాంగణంలో రాతిరథాన్ని నేల మీద నుంచే చూడవచ్చు, మండపాల ఎత్తైన అరుగుల మీదికి మాత్రం మెట్లున్నాయి. విరూపాక్ష ఆలయంలో నిత్యం పూజలు జరుగుతాయి కాబట్టి అక్కడ మరో ప్రశ్న వస్తుంది: వీధిలో తిరిగిన చక్రాలను లోపలికి రానిస్తారా? ముందురోజే ఆలయ కార్యాలయంలో అడిగి, తడిగుడ్డతో చక్రాలు తుడిచి వెళ్లడానికి సిద్ధంగా ఉంటే ద్వారం దగ్గర వాదన ఉండదు.

హంపి బండలు పది గంటలకే వేడెక్కుతాయి. వెన్నుపూస పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు గాయం కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు, వడదెబ్బ త్వరగా తగులుతుంది. వాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లడం, మధ్యాహ్నం హోటల్ గదిలో గడపడం మేలు. ఆ విరామానికే టాయిలెట్ అవసరం కూడా కలిసొస్తుంది. కట్టడాల దగ్గరి మరుగుదొడ్లలో కుర్చీ పట్టేది దొరుకుతుందన్న నమ్మకంతో రోజును గీసుకోకూడదు.

బయల్దేరే ముందురోజు మూడు ఫోన్లు చేయాలి. హోటల్‌కు చేసి, ఫోటోలో చూపించిన అదే గది నంబరు తమకు కేటాయించారా అని అడగాలి. డ్రైవర్‌కు చేసి డిక్కీ సంగతి మళ్లీ చెప్పాలి. హంపిలో మాట్లాడుకున్న గైడుకు చేసి, గడపలు దాటించడానికి రెండో మనిషి వస్తున్నాడా అని తేల్చుకోవాలి. కొలతల కాగితం, ఫోటోలు ఫోన్‌లో దగ్గరే ఉంటే, చివరి నిమిషంలో గది మార్చామని హోటల్ చెప్పినా కొత్త గది సరిపోతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.