మలినమే నిలబెట్టిన మెట్టు

అయస్కాంత క్షేత్రంలో పడ్డ ఎలక్ట్రాన్ తిన్నగా పోలేక గుండ్రంగా తిరుగుతుంది. ఎంత శక్తితోనైనా తిరగవచ్చని పాత భౌతికశాస్త్రం అనుకుంది. క్వాంటం లెక్క అందుకు ఒప్పుకోదని 1930లో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండౌ చూపించాడు. ఒక పలుచని పొరకే ఎలక్ట్రాన్లను పరిమితం చేస్తే, వాటికి కొన్ని శక్తి మెట్లే దక్కుతాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ ఉండదు. ఒక్కో మెట్టు మీద ఎందరికి చోటుందో క్షేత్రమే నిర్ణయిస్తుంది. 10 టెస్లాల దగ్గర, స్పిన్ రెండు రకాలనూ కలుపుకుంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 48,400 కోట్ల ఎలక్ట్రాన్లు పడతాయి.

1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లోని ప్రయోగశాలలో క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ అతిశీతల స్థితిలో సిలికాన్ ట్రాన్సిస్టర్లను కొలుస్తున్నాడు. కరెంటుకు అడ్డంగా పుట్టే హాల్ వోల్టేజీని కరెంటుతో భాగిస్తే హాల్ నిరోధం వస్తుంది. ఎలక్ట్రాన్ల సంఖ్య మారుతుంటే అదీ సాఫీగా మారాలి. కానీ కొన్ని విలువల దగ్గర అది కదలకుండా ఆగిపోయింది. ఆ విలువలన్నీ h/e²ను, అంటే సుమారు 25,813 ఓమ్‌లను, 1, 2, 3 లాంటి పూర్ణ సంఖ్యలతో భాగిస్తే వచ్చేవే.

మెట్లు ఉన్నాయి కాబట్టి నిరోధం ఆగిందని సరిపెట్టుకోవడం తేలిక. అది చాలదు. గాలియం ఆర్సెనైడ్ పొరలో సరిగ్గా 48,400 కోట్ల ఎలక్ట్రాన్లున్నాయనుకుందాం. 10 టెస్లాల దగ్గర మొదటి మెట్టు నిండుతుంది, హాల్ నిరోధం 12,906 ఓమ్‌లు. క్షేత్రాన్ని 9.8కి దించితే చోటు తగ్గి, దాదాపు వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్లు పై మెట్టెక్కాలి. పొర పూర్తిగా శుద్ధమైతే అవీ కరెంటు మోస్తాయి, నిరోధం 12,650 దాకా జారుతుంది. అంటే మెట్లున్నా నిరోధం ఎక్కడా ఆగదు.

నిజమైన పొరలో మలినాలుంటాయి. అవి ప్రతి మెట్టునూ కాస్త వెడల్పు చేస్తాయి. ఆ వెడల్పు అంచుల్లోని ఎలక్ట్రాన్లు మలినాల చుట్టూ చిక్కుకుని ముందుకు సాగలేవు. పైకెక్కిన వెయ్యి కోట్లూ అలా చిక్కుకున్నంత కాలం నిరోధం 12,906 దగ్గరే నిలుస్తుంది. మరి నిండిన మెట్టులోనూ కొన్ని చిక్కుకునే ఉంటాయి కదా? వాటి వాటా కరెంటును మిగిలినవి సరిగ్గా పూరిస్తాయని 1981లో రాబర్ట్ లాఫ్లిన్ వాదన తేల్చింది. అందుకే నమూనా ఆకారం మారినా, మలినం పాళ్లు కొంత మారినా విలువ చెదరదు.

నిరోధం నిజంగానే ఆగిందా అన్నది తెలుసుకోవడానికి ఒక గుర్తుంది: కరెంటు పోయే దిశలో వోల్టేజీ దాదాపు సున్నాకి పడిపోవాలి. వేడి పెరిగినా, కరెంటు హద్దు మీరినా ఎలక్ట్రాన్లు మెట్ల మధ్య ఖాళీని దాటేస్తాయి, ఆ సున్నా చెడిపోతుంది.

క్లిట్జింగ్‌కు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. 2019 మే 20 నుంచి h, e విలువలను ఖరారు చేయడంతో, కొలతల సంస్థలు ఓమ్‌ను ఈ నిరోధం ఆధారంగానే నిర్ధారిస్తున్నాయి.