జీపీఎఫ్ నుంచి డబ్బు కోరేటప్పుడు: అడ్వాన్సా, ఉపసంహరణా?

ప్రైవేటు రంగంలో ఆధార్‌తో అనుసంధానమైన ఈపీఎఫ్ ఖాతా ఉన్నవారు ఆన్‌లైన్‌లో అడ్వాన్సు కోరితే యజమాని సంతకం అవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సాధారణ భవిష్య నిధి, అంటే జీపీఎఫ్ విషయంలో పరిస్థితి వేరు. 2004 జనవరి 1కి ముందు సర్వీసులో చేరినవారికి వర్తించే ఈ నిధిలోని సొమ్మును మధ్యలో తీసుకోవాలంటే, పనిచేస్తున్న శాఖలోని అధికారే మంజూరు చేయాలి. అందుచేత దరఖాస్తు ఎలా రాశారన్నది ఇక్కడ ముఖ్యమవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు వారి రాష్ట్ర నియమాలు వేరుగా ఉన్నాయి; ఇక్కడ చెప్పేది కేంద్ర నియమాల గురించి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లోని కేంద్ర కార్యాలయంలో 1998లో చేరిన ఉద్యోగినికి మూల వేతనం రూ.62,200. కుమార్తె ఇంజినీరింగ్ ఫీజుకు రూ.4 లక్షలు కావాలి. ఆమె నవంబరులో దరఖాస్తు చేస్తున్నారు. చేతిలో ఉన్న వార్షిక ఖాతా స్లిప్పు మార్చి 31 నాటికి నిల్వను రూ.8,90,000గా చూపుతోంది. చాలామంది ఈ అంకెనే దరఖాస్తులో రాసి ఊరుకుంటారు. నిజానికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడు నెలలు, నెలకు రూ.10,000 చొప్పున జమ చేసిన రూ.70,000 దానికి కలపాలి. ఈ మధ్యలో ఏమైనా తీసుకుని ఉంటే తగ్గించాలి. ఆమె తీసుకోలేదు కనుక నిల్వ రూ.9,60,000. స్లిప్పులో ఏదైనా నెల చందా జమ కాకపోతే, లెక్కల విభాగం నుంచి ఫైలు తిరిగి రావడానికి అదొక కారణమవుతుంది. అందుకే వేతన స్లిప్పులతో ముందే సరిచూసుకోవడం మేలు.

చదువు ఖర్చుకు 12 నెలల వేతనం, నిల్వలో నాలుగింట మూడు వంతులు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత వరకు ఇవ్వవచ్చు. ఆమె విషయంలో మొదటిది రూ.7,46,400, రెండోది రూ.7,20,000. కాబట్టి పరిమితి రూ.7,20,000, అడుగుతున్న మొత్తం దానికి లోబడే ఉంది. అనారోగ్యానికైతే నిల్వలో 90 శాతం దాకా అవకాశం ఉంటుంది.

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ఇదే మొత్తాన్ని అడ్వాన్సుగా అడగవచ్చు. పదేళ్ల సర్వీసు పూర్తయింది కనుక ఉపసంహరణగానూ అడగవచ్చు. అడ్వాన్సు తీసుకుంటే మరుసటి నెల జీతం నుంచే రికవరీ మొదలవుతుంది. గరిష్ఠంగా 60 వాయిదాలు పెట్టుకుంటే నెలకు దాదాపు రూ.6,667 కోత పడుతుంది. ఆ మొత్తం తిరిగి ఆమె ఖాతాలోకే చేరుతుంది. ఉపసంహరణలో కోత ఉండదు, కానీ సొమ్ము తిరిగి రాదు. ఆమె పదవీ విరమణకు ఇంకా ఎనిమిదేళ్లు ఉందనుకుందాం. కొన్నేళ్లుగా ఉన్న 7.1 శాతం వడ్డీయే కొనసాగితే, ఆ నాలుగు లక్షలు నిధిలోనే ఉంటే అప్పటికి సుమారు రూ.6.92 లక్షలయ్యేవి. జీతంలో కోతను భరించగలిగినవారు అడ్వాన్సు వైపు మొగ్గడమే మంచిదని ఈ అంకెలను బట్టి అనిపిస్తుంది. ఇంటి రుణ వాయిదా ఇప్పటికే ఉన్నవారి లెక్క వేరు.

ఇక పత్రాల సంగతి. 2017 మార్చి 7 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఖర్చుకు రుజువు పత్రాలు జతచేయనక్కర లేదు. కారణాలు వివరిస్తూ చందాదారు ఇచ్చే స్వీయ ప్రకటన చాలు. మంజూరుకు, చెల్లింపుకు 15 రోజుల గడువును, అనారోగ్యం వంటి అత్యవసరాల్లో ఏడు రోజుల గడువును కూడా అదే ఉత్తర్వు నిర్దేశించింది. పాత అలవాటు కొద్దీ కార్యాలయం ఫీజు రశీదు లేకుండా ఫైలు కదలదంటే, ఆ ఉత్తర్వు తేదీని దరఖాస్తులోనే పేర్కొనవచ్చు. అయితే కళాశాల ఇచ్చిన ఫీజు నోటీసు చేతిలో ఉన్నప్పుడు దాని నకలును జతచేస్తే పోయేదేమీ లేదు. అడిగిన మొత్తం ఎందుకంత అన్న ప్రశ్నకు అదే జవాబు చెబుతుంది.

స్వీయ ప్రకటనలో "కుటుంబ అవసరాలకు" అని రాయడం సరిపోదు. నియమాలు గుర్తించిన ప్రయోజనాల్లో తన అవసరం ఏదో చెప్పాలి. "నా కుమార్తె బీటెక్ చదువు ఫీజు చెల్లింపునకు నియమం 12 కింద రూ.4,00,000 అడ్వాన్సు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ మొత్తాన్ని 60 నెలసరి వాయిదాల్లో తిరిగి చెల్లిస్తాను. గత అడ్వాన్సు బకాయి ఏదీ లేదు" అన్న అర్థం వచ్చేలా రాస్తే అధికారి చూడవలసినవన్నీ అందులో ఉంటాయి. బకాయి ఉంటే దాచకూడదు. దాన్ని కొత్త అడ్వాన్సుతో కలిపి వాయిదాలను తిరిగి నిర్ణయిస్తారు.

కొంతకాలానికి కోత భారమైతే, ఉపసంహరణ అర్హత ఉన్నవారు మిగిలిన అడ్వాన్సు బకాయిని ఉపసంహరణగా మార్చమని కోరుతూ మంజూరు అధికారికి మరో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందుకు నియమం 16-ఎ వీలు కల్పిస్తోంది. అప్పటిదాకా కట్టిన వాయిదాలు నిధిలోనే ఉంటాయి.