పదో అంకె దగ్గర విరిగే జాబితా

మార్క్‌డౌన్ ఫైలులో తప్పు రాస్తే ఎర్ర గీత పడదు, హెచ్చరిక రాదు. తనకు అర్థం కాని వరుసను మామూలు పేరాగా చూపించేసి ముందుకు పోతుంది. అందుకే రాసేటప్పుడు చక్కగా కనిపించిన ఫైలు తెర మీదికి వచ్చాక జాబితా చెదిరి, వరుసలు కలిసిపోయి, పట్టిక నిలువు గీతల గుంపుగా మిగిలితే ఎక్కడ వెతకాలో తెలియదు. చాలాసార్లు వెతకాల్సింది అక్షరాల్లో కాదు, వాటి ముందున్న ఖాళీల్లో.

జాబితా సంగతి తీసుకుందాం. తెలుగు కీబోర్డు పెట్టుకునే విధానాన్ని ఒకరు మెట్టు మెట్టుగా రాశారనుకోండి. ప్రతి మెట్టు కింద చిన్న వివరానికి మూడు స్పేసులు వదిలారు. తొమ్మిదో మెట్టు దాకా అంతా సరిగ్గానే ఉంది.

```
9. భాష మార్చే మీట నొక్కండి
   - తెలుగు ఎంచుకోండి
10. కొత్త ఫైలు తెరవండి
   - రెండు పదాలు టైపు చేయండి
```

పదో మెట్టు కింది వివరం మాత్రం దాని లోపల కూర్చోదు. బయటికొచ్చి ఎడమ అంచున విడి జాబితాగా నిలబడుతుంది. కారణం ఇదీ: ఒక అంశం కిందికి వచ్చేది ఆ అంశపు మాట ఎక్కడ మొదలైందో కనీసం అక్కడిదాకా జరగాలి. `9.` తర్వాత ఒక స్పేసు వదిలితే మాట మూడు స్థానాల తర్వాత మొదలవుతుంది. `10.` లో అంకె ఒకటి పెరిగింది కాబట్టి నాలుగు కావాలి. చుక్కల జాబితాలో `-` తర్వాత స్పేసు ఉంటుంది కనుక రెండే చాలు. చుక్కల కింద రెండు స్పేసులకు అలవాటుపడిన చెయ్యి అంకెల కింద కూడా రెండే వదలడం వల్ల విరిగే జాబితాలే ఎక్కువ. విరిగిన చోట తర్వాతి `11.` కొత్త జాబితాగా మొదలైనా అంకె 11గానే కనిపిస్తుంది కాబట్టి కన్ను మోసపోతుంది. వివరం లోపలికి జరిగిందా లేదా అన్నదే చూడాలి.

ఈ లెక్క కామన్‌మార్క్ అనే ప్రమాణానిది. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పుడు దాని నియమాలను మామూలు వచనంలో వివరించి, ఒక పెర్ల్ ప్రోగ్రాము ఇచ్చాడు. సందిగ్ధంగా ఉన్న చోట్ల ఒక్కో ప్రోగ్రాము ఒక్కో అర్థం తీసుకుంది. ఆ తేడాలు తీర్చడానికే 2014లో కామన్‌మార్క్ వచ్చింది. అయినా పైథాన్-మార్క్‌డౌన్ లాంటివి ఇప్పటికీ నాలుగు స్పేసులే అడుగుతాయి, పేరాకూ జాబితాకూ మధ్య ఖాళీ వరుస కూడా కావాలంటాయి. కాబట్టి నా సలహా ఒక్కటే: లోపలి అంశానికి ఎప్పుడూ నాలుగు స్పేసులు వదలండి, జాబితాకు ముందు ఒక వరుస ఖాళీగా ఉంచండి. 99వ మెట్టు దాకా రెండు పద్ధతుల్లోనూ నిలుస్తుంది.

అయితే ఈ నాలుగు స్పేసులు జాబితా లోపలే. ఖాళీ వరుస తర్వాత మామూలు పేరాను నాలుగు స్పేసులతో మొదలుపెడితే అది కోడ్‌గా మారిపోతుంది. తెర మీద బూడిదరంగు పెట్టెలో పేరా కనబడితే స్పేసులు ఎక్కువయ్యాయని అర్థం.

తెలుగులో రాసేవాళ్లు మరొకటి గమనించాలి. కామన్‌మార్క్ గుర్తించే అంకెలు 0 నుంచి 9 వరకే. `౧.` అని మొదలుపెడితే జాబితా కాదు, ఆ వరుసలన్నీ ఒకే పేరాగా అతుక్కుంటాయి.

అతుక్కోవడం మార్క్‌డౌన్ స్వభావమే. ఎంటర్ ఒకసారి నొక్కితే దాన్ని స్పేసుగానే లెక్కిస్తుంది. చిరునామా, పనివేళల వంటివి కలిసిపోయేది అందుకే. వరుస చివర రెండు స్పేసులు పెడితే విరుపు వస్తుంది గానీ ఆ స్పేసులు కంటికి కనబడవు, పైగా కొన్ని ఎడిటర్లు ఫైలు భద్రపరిచేటప్పుడు వాటిని తుడిచేస్తాయి. కామన్‌మార్క్‌లో చివర `\` పెట్టడం నయం. అది పనిచేయని చోట సాధారణంగా `<br>` పనిచేస్తుంది.

పట్టిక గొడవ వేరు. గ్రూబర్ మార్క్‌డౌన్‌లో గానీ కామన్‌మార్క్‌లో గానీ పట్టికలే లేవు. గిట్‌హబ్ లాంటివి విడిగా చేర్చుకున్నాయి. కాబట్టి ఫైలు ఎంత శుద్ధంగా ఉన్నా, చూపించే ప్రోగ్రాముకు ఆ సౌకర్యం లేకపోతే పట్టిక రాదు. ఉన్నచోట కూడా ఇది రాదు:

```
| పని | మీట | గమనిక |
|---|---|
| దాచడం | Ctrl+S | తరచూ |
```

శీర్షిక వరుసలో మూడు గళ్లున్నాయి, కింది గీతల వరుసలో రెండే. ఆ రెండు వరుసల లెక్క కుదరకపోతే మొత్తం పట్టికనే పేరాగా తీసుకుంటుంది. మిగతా వరుసల్లో గడి తగ్గినా పర్వాలేదు, ఖాళీగా వదిలేస్తుంది. తెలుగు అక్షరాల వెడల్పులు వేరువేరు కావడంతో ఎడిటర్‌లో నిలువు గీతలు వంకరగా కనిపిస్తాయి. వాటిని సరిచేయడానికి స్పేసులు కొట్టనక్కరలేదు, గళ్ల సంఖ్య సరిపోతే చాలు. గడి లోపలే నిలువు గీత రాయాల్సి వస్తే మాత్రం `\|` అని రాయాలి, లేకుంటే అక్కడ ఇంకో గడి మొదలవుతుంది.