పుట్‌లు పెరిగితే మార్కెట్ ఎటు పోతుంది?

"నిఫ్టీ పీసీఆర్ 1.3కి చేరింది, 24,000 దగ్గర గట్టి సపోర్ట్ ఉంది." వ్యాపార వార్తల చానళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పీసీఆర్ అంటే పుట్-కాల్ రేషియో. సూచీ పడితే కొన్నవారికి లాభం తెచ్చేది పుట్ ఆప్షన్, పెరిగితే తెచ్చేది కాల్. ఇంకా క్లోజ్ చేయకుండా నిలిచి ఉన్న కాంట్రాక్టుల సంఖ్యను ఓపెన్ ఇంట్రెస్ట్ అంటారు. పుట్‌ల ఓపెన్ ఇంట్రెస్ట్‌ను కాల్స్‌దానితో భాగిస్తే పీసీఆర్ వస్తుంది.

లెక్క ఇంతే. చిక్కంతా దానికి అర్థం చెప్పడంలోనే ఉంది.

ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవారు ఒకరు, అమ్మినవారు ఒకరు ఉంటారు. 24,000 పుట్‌లో కొత్తగా పది లక్షల ఓపెన్ ఇంట్రెస్ట్ చేరిందంటే, పడుతుందన్న భయంతో అంతమేరకు కొన్నవాళ్లున్నారు, పడదన్న ధీమాతో అంతే అమ్మినవాళ్లూ ఉన్నారు. ఆప్షన్ చైన్‌లో ఈ ఇద్దరూ కలిసి ఒకే అంకెగా కనిపిస్తారు. అమెరికాలో మార్టిన్ జ్వైగ్ లాంటివాళ్లు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి కొనేవారి వైపు నుంచి చూస్తుంది: జనం భయపడి పుట్‌లకు ఎగబడ్డారంటే పతనం ముగింపుకొచ్చిందని దాని లెక్క. మన ట్రేడర్లు ఎక్కువగా అమ్మేవారి వైపు నుంచి చూస్తారు. పెద్ద డబ్బున్నవాళ్లే ఆప్షన్లు అమ్ముతారు కాబట్టి, పుట్‌లు ఎక్కువ అమ్ముడైన స్ట్రైక్ దగ్గర మార్కెట్ నిలబడుతుందని నమ్మకం. పీసీఆర్ మరీ పెరిగితే మాత్రం "ఓవర్‌బాట్, ఇక దిగుతుంది" అంటారు. ఇన్ని అర్థాలున్నప్పుడు మర్నాడు ఏం జరిగినా ఆ అంకెతో వివరణ ఇచ్చేయొచ్చు.

ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. నిఫ్టీ ఉదయం 24,000 దగ్గర ఉండి మధ్యాహ్నానికి 24,300కి చేరిందనుకుందాం. 24,000 కాల్ అమ్మినవాళ్లు నష్టానికి జడిసి తిరిగి కొనేస్తారు, అక్కడ కాల్ ఓపెన్ ఇంట్రెస్ట్ తగ్గుతుంది. మరికొందరు ధైర్యంగా 24,200 పుట్ అమ్ముతారు, పుట్‌ల లెక్క పెరుగుతుంది. కాల్స్ 100 లక్షల నుంచి 80కి దిగి, పుట్‌లు 80 నుంచి 104కి ఎక్కితే పీసీఆర్ 0.8 నుంచి 1.3 అవుతుంది. 1.3 అని తెరమీద కనిపించేసరికి 300 పాయింట్లు వచ్చేశాయి. ఆ అంకె చెప్పింది జరిగిన సంగతే.

సపోర్ట్ అనుకున్నది ఎలా తెగిపోతుందో 2024 జూన్ 4 చూపించింది. ఎగ్జిట్ పోల్స్ ఊపులో ముందురోజు నిఫ్టీ రికార్డు స్థాయిలో 23,263.90 దగ్గర ముగిసింది. ఓట్ల లెక్కింపు రోజున 21,884.50కి పడింది. ఆ రోజు ముగింపు ధరతో చూస్తే 23,000 పుట్ అంతర్గత విలువే 1,115 పాయింట్లు. అప్పటి 25 యూనిట్ల లాట్‌కు అది దాదాపు 27,900 రూపాయలు. ఇలాంటి రోజున పుట్ అమ్మినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. ఆప్షన్‌ను తిరిగి కొంటారు, లేదా నష్టాన్ని ఆపుకోవడానికి ఫ్యూచర్స్ అమ్ముతారు. ఆ అమ్మకాలు పతనాన్ని ఇంకా తోస్తాయి. నిన్నటిదాకా సపోర్ట్ అనిపించిన నిల్వే ఒత్తిడిగా మారుతుంది.

మరి ఆప్షన్లలో భవిష్యత్తు గురించిన సమాచారం అసలే ఉండదా? జున్ పాన్, అలెన్ పోటెష్‌మన్ 2006లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఓపికగా జవాబు వెతికింది. 1990 నుంచి 2001 వరకు అమెరికా ఆప్షన్ల లావాదేవీల్లో, కొత్త పొజిషన్ కోసం కొన్నవారి లెక్కను వాళ్లు విడిగా తీశారు. అలా కట్టిన రేషియో తక్కువగా ఉన్న షేర్లు, ఎక్కువగా ఉన్నవాటికంటే వారంలో ఒక శాతానికి పైగా మెరుగ్గా నడిచాయి. కానీ ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు అన్న ఆ వివరం మామూలు ట్రేడర్‌కు కనిపించదు. పైగా సూచీల ఆప్షన్లలో అలాంటి సమాచారం జాడ దొరకలేదు. కంపెనీ లోగుట్టు కొందరికి ముందే తెలియవచ్చు గానీ, మొత్తం మార్కెట్ గుట్టు తెలిసినవాళ్లు అరుదు. మన దగ్గర పీసీఆర్‌ను ఎక్కువగా చూసేది మాత్రం నిఫ్టీకే.

లెక్కించే తీరులోనూ లోపం ఉంది. సూచీకి వెయ్యి పాయింట్ల దూరంలో ఉన్న అయిదు రూపాయల పుట్, సూచీని ఆనుకుని ఉన్న రెండువందల రూపాయల పుట్ పీసీఆర్‌లో ఒకే తూకం తూగుతాయి. సూచీ కదిలితే వాటి ధరల్లో కదలిక మాత్రం ఒకటి కాదు. రిస్క్‌ను కొలవడానికి సెబీ 2025 మేలో ఓపెన్ ఇంట్రెస్ట్‌ను డెల్టా ఆధారంగా, అంటే ఫ్యూచర్స్‌తో సమానం చేసి లెక్కించే పద్ధతికి మారింది కూడా ఇందుకే.

పీసీఆర్ మీద నమ్మకం పెట్టుకున్నవారు చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. రోజూ సాయంత్రం మూడు అంకెలు రాసుకోవాలి: ఆ రోజు పీసీఆర్‌లో మార్పు, ఆ రోజు నిఫ్టీ కదలిక, మర్నాటి కదలిక. కొన్ని నెలలు గడిచాక మొదటి అంకె రెండోదానితో ఎంత కలిసి నడిచిందో, మూడోదానితో ఎంత నడిచిందో పక్కపక్కన పెట్టి చూడాలి.