చీకట్లో శత్రువు కనిపించాడు సరే, నలుపు ఏమైంది?

‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’లో రాత్రిపూట ఫ్యాక్టరీ మ్యాప్‌లోకి దిగినవాళ్లకు తెలుసు, మూలలో ఎవడైనా కదలకుండా నక్కితే గోడేదో మనిషేదో పోల్చుకోలేరు. ఇలాంటి చోట్ల గేమింగ్ మానిటర్ మెనూలో ఒక ఆప్షన్ అక్కరకొస్తుంది. ఆసుస్ దాన్ని షాడో బూస్ట్ అంటుంది, బెన్‌క్యూ జోవీ బ్లాక్ ఈక్వలైజర్ అంటుంది, ఎల్‌జీ బ్లాక్ స్టెబిలైజర్ అంటుంది. పేరేదైనా పని ఒకటే: వెలుగున్న భాగాలను పెద్దగా కదపకుండా చీకటి భాగాలను పైకి లేపడం.

మామూలు ఎనిమిది బిట్ల చిత్రంలో 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. శత్రువు చొక్కా 20 దగ్గర ఉందనుకుందాం. మామూలు 2.2 గామాలో ఆ 20కి దక్కే వెలుగు తెలుపులో అర శాతం కూడా ఉండదు. మానిటర్ దాన్ని 40కి లేపితే వెలుగు నాలుగు రెట్లు దాటుతుంది, మనిషి ఆకారం గోడ నుంచి విడివడుతుంది. బ్రైట్‌నెస్ పెంచితే ఇది జరగదు. అది తెలుపునూ నలుపునూ కలిపి పెంచేస్తుంది, కళ్లకు శ్రమ తప్ప మిగిలేది తక్కువ.

చిక్కు ఎక్కడంటే, లెవెల్ ఇంకా పెంచితే 0 కూడా లేస్తుంది. నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు వస్తుంది, దృశ్యమంతా పొగమంచు కమ్మినట్టు అవుతుంది. పైగా 20 మెట్లున్న చీకటిని 40 మెట్ల మేర సాగదీస్తే మధ్యలో కొత్త ఛాయలేమీ పుట్టవు. నున్నగా ఉండాల్సిన నీడ మీద చారలు తేలతాయి. ఐపీఎస్ ప్యానెల్స్‌లో నలుపు ముందే కాస్త పలచన కాబట్టి పొగమంచు ఇంకా త్వరగా కమ్ముతుంది. ఇక గేమ్ మనిషినీ గోడనూ రెంటినీ 0గానే గీస్తే ఏ లెవెల్లోనూ తేడా తెలియదు. లేని వివరాన్ని మానిటర్ పుట్టించలేదు.

సరైన లెవెల్ పట్టుకోవడం తేలికే. పెయింట్‌లో పూర్తి నల్లటి నేపథ్యం మీద 5, 10, 15, 20 విలువలతో నాలుగు చదరాలు గీసి, గదిలో లైటు ఆర్పి చూడాలి. లెవెల్‌ను అట్టడుగు నుంచి ఒక్కో మెట్టూ పెంచుతూ పోతే మొదట 20, 15 తేలతాయి. నేపథ్యం మునుపటికంటే తెల్లబడుతుంటే అక్కడినుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఆప్షన్ పూర్తిగా తగ్గించినా డెస్క్‌టాప్ సహా అన్నీ వెలిసిపోయినట్టుంటే దోషం దీనిది కాదు. హెచ్‌డీఎంఐ కనెక్షన్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లిమిటెడ్ రేంజ్‌లో పంపుతుంటే నలుపు 16 దగ్గర మొదలవుతుంది. మానిటర్ దాన్ని ఫుల్ రేంజ్ అనుకుంటే అచ్చం ఇలాగే బూడిదగా కనిపిస్తుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ను ఫుల్‌కి మార్చాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూసినా ఇది పట్టుబడదు. షాడో బూస్ట్ గానీ, రేంజ్ తేడా గానీ కేబుల్ దాటాకే కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్ ఎప్పుడూ శుభ్రంగానే వస్తుంది.

సినిమా చూసేటప్పుడు, ఫొటోలు ఎడిట్ చేసేటప్పుడు దీన్ని ఆపేయడమే మంచిది. చీకటి గేమ్‌కి ఒక ప్రొఫైల్, మిగతా వాటికి ఒకటి సేవ్ చేసుకుంటే ప్రతిసారీ మెనూ తవ్వాల్సిన పని ఉండదు.