పసిబిడ్డ పాలకు పగలూ రాత్రీ లెక్క

కాన్పయి ఇంటికి వచ్చే బాలింతకు చాలామంది చెప్పే మాట ‘మూడు గంటలకోసారి పాలు పట్టు’ అని. ఇంట్లో ఆ మాటే చిక్కు తెస్తుంది. గంటకే బిడ్డ రొమ్ము కోసం వెతుక్కుంటే ‘ఇప్పుడేగా తాగింది’ అని ఊయల ఊపుతారు. అయిదు గంటలు కదలకుండా పడుకుంటే ‘హాయిగా నిద్రపోతోంది, లేపకు’ అంటారు. మొదటి వారాల్లో ఈ రెండూ బిడ్డకు నష్టమే. నెలలు నిండి పుట్టి, తల్లిపాలు తాగే బిడ్డకు గడియారంలో విరామం కంటే ఇరవై నాలుగు గంటల మొత్తం ముఖ్యం. ఆ మొత్తం 8 నుంచి 12 సార్లు ఉండాలి.

అసలు మూడు గంటలను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. పాలు పట్టడం మొదలుపెట్టిన సమయం నుంచి లెక్కించాలి. ఎనిమిదిన్నరకు మొదలై తొమ్మిది దాటాక ముగిస్తే, తర్వాతిది పదకొండున్నరలోపే. ముగించిన దగ్గర్నుంచి లెక్కిస్తే ప్రతిసారీ అరగంటకు పైగా జారిపోతుంది. అలా రోజంతా జారితే ఎనిమిది సార్లు కావాల్సింది ఆరేడు సార్లకు పడిపోతుంది. కడుపు చిన్నది, తల్లిపాలు త్వరగా అరుగుతాయి కాబట్టి ఆ లోటు కొద్ది రోజుల్లోనే బరువులో కనిపిస్తుంది.

పన్నెండు రోజుల పాప ఒక రోజు ఎలా గడుస్తుందో ఉదాహరణగా చూద్దాం. ఉదయం ఆరింటికి మొదటిసారి తాగింది. తర్వాత ఎనిమిదిన్నర, పదకొండు, ఒంటిగంటన్నర. నూనె రాసి స్నానం చేయించాక గాఢంగా పడుకుంది, మూడు గంటలు నిండగానే నాలుగున్నరకు తల్లి లేపి పట్టింది. సాయంత్రం మాత్రం ఆరున్నర, ఏడున్నర, ఎనిమిదిన్నర అంటూ గంటగంటకూ అడిగింది. ఆ తర్వాత పదకొండున్నర, రాత్రి రెండున్నర, తెల్లవారుజామున నాలుగున్నర. మొత్తం 11 సార్లు.

ఈ రోజులో అందరినీ కంగారుపెట్టేది సాయంత్రమే. ‘పాలు చాలడం లేదు, డబ్బా పాలు కలపండి’ అనే సలహా సరిగ్గా అప్పుడే వస్తుంది. పసిబిడ్డలు సాయంత్రం వరసగా తాగడం మామూలే. అప్పుడు డబ్బా పాలు పోస్తే బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాల ఉత్పత్తి నిజంగానే తగ్గుతుంది. లేని కొరతను మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

ఇక మెలకువ. ఈ వయసు బిడ్డ ఒకసారి లేస్తే సుమారు ముప్పావు గంట నుంచి గంట వరకే మెలకువగా ఉండగలదు. పాలు తాగడం, త్రేన్పు, లంగోటీ మార్చడం అన్నీ అందులోనే. పాలకే అరగంట పడితే ముద్దాడటానికి మిగిలేది పావుగంటే. చూపు పక్కకు తిప్పుకోవడం, కనుబొమల దగ్గర ఎర్రబడటం, ఆవలించడం మొదలైతే పడుకోబెట్టేయాలి. చుట్టాలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటూ రెండు గంటలు మేలుకొలిపి ఉంచితే, అలసిపోయిన బిడ్డ రొమ్ము పట్టీ పట్టకముందే నిద్రలోకి జారుకుంటుంది. అయితే ఈ గంట లెక్క ఉజ్జాయింపే. ఆకలి సూచన కనిపిస్తే గడియారం చూడకుండా పాలు పట్టాలి. పెదవులు చప్పరించడం, పిడికిలి నోటికి తెచ్చుకోవడం తొలి సూచనలు. ఏడుపు చివరిది.

అడగని బిడ్డ గురించే ఎక్కువ జాగ్రత్త కావాలి. పుట్టినప్పటి బరువు మళ్లీ చేరేదాకా పగలు మూడు గంటలు, రాత్రి నాలుగు గంటలు దాటనివ్వకూడదు. చుట్టిన గుడ్డ విప్పి, లంగోటీ మార్చి, అరికాళ్లు రుద్ది, తల్లి ఒంటికి ఆనిస్తే లేస్తుంది. పచ్చకామెర్లున్న బిడ్డకు ఇది మరీ ముఖ్యం. పాలు తగ్గితే విరేచనాలు తగ్గుతాయి, బయటికి పోవాల్సిన పసుపు పదార్థం పేగుల నుంచి తిరిగి రక్తంలోకి చేరుతుంది, బిడ్డ ఇంకా మత్తుగా పడుకుంటుంది.

ఎన్నిసార్లు పట్టామన్నది సగం లెక్కే. పాలు లోపలికి వెళ్లాయని లంగోటీలు, తూకం చెబుతాయి. అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం, మూడు నాలుగుసార్లు పసుపు విరేచనం కావాలి. మనం చూసిన పాప 2.9 కిలోలతో పుట్టి, నాలుగో రోజుకు 2.7కి తగ్గి, పన్నెండో రోజుకు 2.92 అయిందనుకుందాం. ఎనిమిది రోజుల్లో 220 గ్రాములు, అంటే రోజుకు 27 గ్రాములకు పైనే. 20 నుంచి 30 గ్రాములు పెరిగితే పాలు చాలుతున్నట్టే.

నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల లోపున్నా ఈ లెక్క సరిపోదు, డాక్టరు ఇచ్చిన వేళలే పాటించాలి. మిగతావాళ్లు ఒక నోటుపుస్తకంలో పాలు మొదలుపెట్టిన వేళ, మూత్రం, విరేచనం రాసుకుంటే చాలు. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. ఆ పుస్తకం ఆమెకు చూపించండి. పాలు ఎనిమిదిసార్ల కంటే, మూత్రం ఆరుసార్ల కంటే తగ్గినా, లేపినా బిడ్డ తాగకపోయినా ఆమె వచ్చేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.