జీలకర్రా, షాజీరానా? చిత్రంలో గుర్తించే విధము

హోసూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలో ఒకే గింజకు రెండు భాషల పేర్లు వినవస్తాయి. తమిళంలో ‘పెరుంజీరగం’ అంటే మాటకు పెద్ద జీలకర్ర. వస్తువు మాత్రం మన సోంపు. అందుచేత పేరును నమ్మక గింజనే చూడవలసి ఉంటుంది.

ఇటీవల మా బంధువులొకరు దుకాణం నుండి గింజల చిత్రమొకటి ఫోనులో పంపి, “ఇది జీలకర్రేనా మాస్టారూ?” అని అడిగారు. దగ్గరగా తీసిన చిత్రంలో రెండు మిల్లీమీటర్ల వాము సైతం సోంపంతగా కనబడగలదు. కనుక గింజల ప్రక్కన రూపాయి నాణెముంచి, పగటి వెలుగులో మరల తీయమన్నాను. పసుపురంగు దీపం క్రింద సోంపులోని పచ్చదనం తెలియదు.

రెండవ చిత్రంలో గింజలు పొడవుగా ఉన్నాయి. గుడ్డువలె పొట్టిగా, గరుకుగా ఉండే వాము కాదు. లావుగా, పచ్చని ఛాయతో ఉండే సోంపూ కాదు.

ఇక మిగిలినవి రెండు. జీలకర్ర ఇంచుమించు తిన్నగా, పసుపు కలసిన గోధుమరంగులో ఉంటుంది. దానిపై సన్నని నూగు ఉంటుంది. షాజీరా నెలవంకవలె వంగి, ముదురురంగులో, నూగు లేక నునుపుగా ఉంటుంది; లేతరంగు గీతలు స్పష్టంగా కనబడతాయి.

జీలకర్రలోనూ కొన్ని వంకరవి ఉంటాయి. కావున ఒక గింజతో తేల్చక పదింటిని పరిశీలించాను. అధికభాగం వంగి, నల్లగా ఉన్నాయి. అది షాజీరా.

చిత్రం మసకగా ఉంటే నూగు కనబడదు. అప్పుడు నాలుగు గింజలు నలిపి వాసన చూడడమే మార్గము.